ఖర్చులో అరవై శాతం స్పాన్సర్లే మోయాలంటే: ప్యాకేజీ ధరల వెనుక ఉన్న లెక్క

విజయనగరంలో దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముగిసీ ముగియగానే, ఊళ్లోని సాంస్కృతిక సంఘాలు తమ వార్షిక కార్యక్రమాల బడ్జెట్లు వేసుకోవడం మొదలుపెడతాయి. నాటిక పోటీలు కావచ్చు, సంగీతోత్సవం కావచ్చు, కార్యవర్గ సమావేశంలో ఒక తీర్మానం దాదాపు ఒకే మాటల్లో నమోదవుతుంది: మొత్తం ఖర్చులో ఇంత శాతం స్పాన్సర్ల నుంచి రావాలి, మిగిలినది సంఘ నిధి, విరాళాలు భరించాలి. ఆ శాతాన్ని బట్టి ఎవరో ఒకరు ప్రధాన స్పాన్సర్‌కు ఇంత, సహ స్పాన్సర్‌కు ఇంత అని ధరల పట్టిక తయారు చేస్తారు. పట్టికలోని అంకెలన్నీ కూడితే లక్ష్యం దాటిపోతుంది. అయినా కార్యక్రమం ముగిశాక లెక్క చూసుకుంటే కోశాధికారి చేతిలో లోటు మిగులుతుంది. ఎవరూ డబ్బు ఎగ్గొట్టకపోయినా, ఎవరూ దుబారా చేయకపోయినా ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ఆ శాతం అనే మాట లోపలికి వెళ్లి చూడాలి.

ఉదాహరణకు ఒక బడ్జెట్

విజయనగరంలో ఫిబ్రవరి నెలలో మూడు రోజుల పాటు నాటిక పోటీలు నిర్వహించే ఒక సంఘాన్ని ఊహించుకుందాం. సంఘమూ దాని అంకెలూ కల్పితాలే. పద్దులు మాత్రం ఇటువంటి పోటీలు నడిపేవారికి పరిచయమైనవే. పన్నెండు నాటక సమాజాలు వస్తాయి. ఒక్కో సమాజానికి ప్రయాణం, ప్రదర్శన పారితోషికం కలిపి 20,000 రూపాయల చొప్పున 2,40,000 అవుతుంది. వారందరి భోజన వసతులకు 1,50,000, రంగాలంకరణ, లైటింగ్, మైకు సెట్టుకు 1,20,000, బహుమతులకు 90,000, హాలు అద్దె, జనరేటర్‌కు 60,000, ప్రచారానికి 50,000, న్యాయనిర్ణేతలకు 40,000, అనుకోని ఖర్చులకు 50,000. అంతా కలిపితే 8,00,000 రూపాయలు.

ప్రవేశం ఉచితం కాబట్టి టికెట్ల రాబడి లేదు. సంఘ నిధి నుంచి 1,20,000, సభ్యుల, అభిమానుల విరాళాలుగా 2,00,000 వస్తాయని కార్యవర్గానికి గట్టి నమ్మకం ఉంది. మిగిలిన 4,80,000 స్పాన్సర్ల నుంచి రావాలి. అది 8,00,000లో సరిగ్గా 60 శాతం, కనుక తీర్మానంలో 60 శాతం అని రాసుకున్నారు.

ఆపై తయారైన పట్టిక ఇలా ఉంది: ప్రధాన స్పాన్సర్ ఒకరు, 2,00,000; సహ స్పాన్సర్లు ఇద్దరు, ఒక్కొక్కరు 75,000; సహకార స్పాన్సర్లు ఆరుగురు, ఒక్కొక్కరు 25,000. మొత్తం 5,00,000. లక్ష్యం కంటే 20,000 ఎక్కువే వస్తోంది కదా అని అందరూ తృప్తి పడ్డారు.

హామీలకూ ఖర్చు ఉంటుంది

స్పాన్సర్ ఇచ్చేది విరాళం కాదు. దానికి ప్రతిగా సంఘం కొన్ని హామీలు ఇస్తుంది. ప్రధాన స్పాన్సర్ పేరుతో మూడు లాంతర్ల కూడలిలో స్వాగత ఆర్చి, వేదిక వెనుక తెరపై పెద్ద అక్షరాల్లో పేరు, ముందు వరుసలో సీట్లు, వారి అతిథులకు భోజనం, శాలువా, జ్ఞాపిక, ఇలా. వీటికయ్యే మొత్తాన్ని ఈ వ్యాసంలో హామీల ఖర్చు అందాం. మన ఉదాహరణలో ప్రధాన స్పాన్సర్‌కు అది 30,000, ఒక్కో సహ స్పాన్సర్‌కు 9,000, ఒక్కో సహకార స్పాన్సర్‌కు 3,000 అనుకుంటే మొత్తం 66,000 అవుతుంది. ఎనిమిది లక్షల బడ్జెట్‌లో ఈ పద్దు ఎక్కడా లేదు, ఎందుకంటే ఆ బడ్జెట్ వేసినప్పటికి ప్యాకేజీలే పుట్టలేదు.

ఇప్పుడు అసలు ఖర్చు 8,66,000. ప్యాకేజీలన్నీ అనుకున్న ధరకే అమ్ముడుపోయినా వచ్చేది 5,00,000. సంఘం తన జేబులోంచి పెట్టాల్సింది 3,20,000 బదులు 3,66,000. అంటే, పట్టికలో 20,000 మిగులుగా కనబడ్డది నిజానికి 46,000 లోటు.

శాతాన్ని దేనిలో లెక్కించాలి

ఈ చోటే రెండు లెక్కలు విడిపోతాయి. స్పాన్సర్ల నుంచి వచ్చిన స్థూల మొత్తాన్ని, హామీల ఖర్చు కూడా కలిసిన మొత్తం ఖర్చుతో భాగించడం ఒక పద్ధతి. మన ఉదాహరణలో అది 5,00,000ను 8,66,000తో భాగించడం, అంటే 57.7 శాతం. హామీల ఖర్చు తీసివేయగా మిగిలిన నికర రాబడిని అసలు కార్యక్రమ ఖర్చుతో భాగించడం రెండో పద్ధతి. అది 4,34,000ను 8,00,000తో భాగించడం, అంటే 54.25 శాతం.

మొదటి పద్ధతిని సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. ఆడిట్ పుస్తకాల్లో రాబడి రాబడిగానే, ఖర్చు ఖర్చుగానే చూపాలి. ఒకదాంట్లోంచి మరొకటి తీసి రాస్తే సర్వసభ్య సమావేశంలో ప్రశ్నలు వస్తాయి. నివేదికకు అది సరైన పద్ధతే. కానీ ధర నిర్ణయించడానికి దాన్ని వాడితే ఒక వింత జరుగుతుంది. ఒక కొత్త స్పాన్సర్ 50,000 ఇస్తానని వచ్చి, దానికి ప్రతిగా సరిగ్గా 50,000 ఖర్చయ్యే ఎల్‌ఈడీ తెర పెట్టించమన్నాడనుకుందాం. అతని వల్ల నాటిక పోటీలకు ఒక్క రూపాయి కూడా చేరలేదు. అయినా స్థూల రాబడి 5,50,000కు, మొత్తం ఖర్చు 9,16,000కు పెరిగి, శాతం 57.7 నుంచి 60కి ఎగబాకుతుంది. లక్ష్యం చేరినట్టు కాగితం చెబుతుంది, సంఘం మోయాల్సిన 3,66,000 మాత్రం అలాగే ఉంటుంది. అందువల్ల పుస్తకాలు ఏ పద్ధతిలో రాసినా, ధర నిర్ణయించేటప్పుడు నికర లెక్కే నమ్మదగినది. తీర్మానంలో కూడా హామీల ఖర్చు పోగా మిగిలిన రాబడి, అసలు ఖర్చులో 60 శాతం అని స్పష్టంగా రాస్తే తర్వాత వాదులాట ఉండదు.

పట్టిక ధరకూ చేతికొచ్చే ధరకూ మధ్య దూరం

పట్టికలో రాసిన ధర బేరానికి ఆరంభం మాత్రమే. ప్రధాన స్పాన్సర్‌గా ఉండటానికి ఒప్పుకున్న బట్టల దుకాణం వారు 2,00,000ను 1,70,000కు దించారనుకుందాం. సహ స్పాన్సర్లు ఇద్దరూ 70,000 చొప్పున ఇచ్చారు. సహకార స్పాన్సర్లలో ఆరుగురికి నలుగురే దొరికారు. వచ్చిన మొత్తం 4,10,000. హామీల ఖర్చు 60,000 పోగా నికరం 3,50,000, అంటే 44 శాతం కూడా నిండలేదు. ఇది ఘోర వైఫల్యమేమీ కాదు. తొమ్మిది ప్యాకేజీల్లో ఏడు అమ్ముడుపోవడం చిన్న పట్టణంలో మంచి ఫలితమే. తప్పు అమ్మకంలో లేదు. అన్నీ పూర్తి ధరకే అమ్ముడుపోతాయన్న ఊహ మీద ధరలు కట్టడంలో ఉంది.

గమనించదగ్గ మరో విషయం, బేరంలో ధర తగ్గుతుంది కానీ హామీలు తగ్గవు. 30,000 తగ్గించుకున్న స్పాన్సర్‌కు కూడా అదే ఆర్చి, అదే తెర, అన్నే సీట్లు ఇవ్వాలి. అందుకని తగ్గింపు భారమంతా నికర రాబడి మీదే పడుతుంది.

లక్ష్యం నుంచి వెనక్కి లెక్కించడం

ఇప్పుడు అదే పట్టికను తిరగేసి కడదాం. చేతికి రావాల్సిన నికరం 4,80,000. గత ఏళ్ల రసీదు పుస్తకాలు చూస్తే సగటున ఎంత శాతం బేరంలో పోయిందో, ఎన్ని ప్యాకేజీలు మిగిలిపోయాయో తెలుస్తుంది. బేరానికి 10 శాతం పోతుందని, సహకార ప్యాకేజీలు ఎనిమిది పెడితే ఐదు అమ్ముడుపోతాయని అనుకుందాం. ఆ ఐదుగురికి 15,000, సహ స్పాన్సర్లకు 18,000, ప్రధాన స్పాన్సర్‌కు 30,000, వెరసి హామీల ఖర్చు 63,000. కాబట్టి బేరం తర్వాత చేతికి 5,43,000 రావాలి; బేరానికి ముందు పట్టిక ధరల్లో సుమారు 6,03,000 కనబడాలి.

ఈ మొత్తాన్ని అంచెల మధ్య పంచడానికి ఖాయమైన సూత్రం లేదు. ప్రధాన ప్యాకేజీ సహ ప్యాకేజీ కంటే కొద్దిగానే ఎక్కువైతే ప్రధాన స్థానం విలువ పడిపోతుంది. నాలుగైదు రెట్లు ఎక్కువైతే వచ్చినవారంతా సహ స్థానానికే దిగిపోతారు. రెండున్నర రెట్లు అనుకుంటే ప్రధాన 2,50,000, సహ 1,00,000, సహకార 30,000 వస్తాయి. అమ్ముడుపోతాయనుకున్న వాటి పట్టిక ధర 6,00,000. బేరం పోగా 5,40,000. హామీల ఖర్చు పోగా 4,77,000. మూడు వేలు తక్కువ.

ఆ మూడు వేల కోసం ధర పెంచనక్కర్లేదు, ఖరీదైన హామీ ఒకటి మార్చితే చాలు. కూడలిలో ఆర్చికి 8,000 అవుతుందనుకుందాం. నాటిక పోటీల ప్రేక్షకుడు ఎలాగూ హాలుకు వస్తాడు. దాని బదులు రెండు నాటికల మధ్య రంగాలంకరణ మార్చే పది నిమిషాల్లో స్పాన్సర్ పేరు చెప్పి, వారి ప్రతినిధితో ఆ రోజు జ్ఞాపికలు ఇప్పిస్తే ఖర్చు దాదాపు సున్నా, చూసే కళ్లు ఎక్కువ. ఆర్చి తీసేస్తే నికరం 4,85,000కు, అంటే 60.6 శాతానికి చేరుతుంది. ప్యాకేజీ కట్టడంలో నైపుణ్యమంతా ఇక్కడే ఉందనిపిస్తుంది: స్పాన్సర్‌కు విలువైనదిగా, సంఘానికి చౌకగా ఉండే హామీలను వెదకడం.

ఖర్చును బట్టి ధరా, విలువను బట్టి ధరా

ఇంతవరకు వేసిన లెక్క అంతా సంఘం అవసరం వైపు నుంచి వచ్చింది. స్పాన్సర్‌కు ఆ అవసరంతో పని లేదు. రోజుకు 500 మంది చొప్పున మూడు సాయంత్రాల్లో 1,500 మంది కూర్చుంటారనుకుంటే, 2,50,000 ఇచ్చే దుకాణదారుకు ఒక్కో ప్రేక్షకుడి మీద 167 రూపాయలు పడుతుంది. వట్టి ప్రకటనగా చూస్తే అది ఖరీదైన బేరం. కరపత్రం, కేబుల్ టీవీ ప్రకటన అంతకంటే చాలా చౌక.

అందుకే అనుభవజ్ఞులైన కొందరు నిర్వాహకులు వేరే దారి చూపుతారు. వారి లెక్కలో ముందు హామీల విలువ కట్టాలి, మార్కెట్ ఎంత ఇస్తుందో చూడాలి, ఆ వచ్చినదానికి తగ్గట్టు కార్యక్రమం పరిమాణం నిర్ణయించాలి. 60 శాతం అనేది ఫలితంగా తేలాలి తప్ప ముందే రాసుకునేది కాకూడదు. ఎదుటి పక్షం వారు దీనికి చెప్పే జవాబు కూడా సబబైనదే. చిన్న పట్టణంలో స్పాన్సర్ కొనేది తలల లెక్క కాదు. ఊళ్లో పెద్దల మధ్య గౌరవం, కళను పోషించాడన్న పేరు, వేదిక మీద కలిసే పరిచయాలు, వీటికి మార్కెట్ ధర అంటూ ఉండదు. కాబట్టి అవసరాన్ని బట్టి అడగడమే మిగిలిన దారి.

ఈ రెండింటినీ ఒకదాని మీద ఒకటి పరీక్షగా వాడుకోవడం మేలు. ఖర్చు వైపు లెక్క కనీస ధర చెబుతుంది, విలువ వైపు లెక్క గరిష్ఠ ధర చెబుతుంది. కనీసం గరిష్ఠం కంటే కింద ఉంటే ఆ మధ్యలో ఎక్కడైనా ధర నిలుస్తుంది. అది పైన ఉంటే ఎంత తిరిగినా ప్యాకేజీ అమ్ముడుపోదు; మార్చాల్సింది ధర కాదు, శాతమో ఖర్చో. ఈ స్థితిని ముందే పసిగట్టవచ్చు. అడిగిన ముగ్గురు నలుగురూ బేరమాడి తగ్గించమంటే ధర కాస్త ఎక్కువైందని అర్థం. బేరమైనా ఆడకుండా చూద్దాంలెండి అని పంపేస్తే, గరిష్ఠం దాటిపోయిందని అర్థం.

వస్తు రూపంలో వచ్చేదాన్ని ఎంతగా లెక్కించాలి

హోటల్ వారు గదులిస్తామంటారు, ప్రింటింగ్ ప్రెస్ వారు ఫ్లెక్సీలు వేస్తామంటారు, స్థానిక కేబుల్ చానల్ ప్రచార భాగస్వామి అవుతామంటుంది. వీటి విలువను స్పాన్సర్ రాబడిలో కలిపి శాతం చెప్పడం మామూలే. ఇక్కడ పాటించదగిన నియమం ఒక్కటే: బడ్జెట్‌లో ఉన్న ఏ పద్దును అది తగ్గిస్తుందో, ఆ పద్దు మేరకే లెక్కించాలి. హోటల్ తన గదుల అద్దె 80,000 అని చెప్పినా, మన బడ్జెట్‌లో వసతికి పెట్టుకున్నది 50,000 అయితే లెక్కలోకి వచ్చేది 50,000. మిగిలిన 30,000 సౌకర్యమే కానీ రాబడి కాదు. చానల్ ప్రసారం వల్ల ప్రచార పద్దులో ఏ ఖర్చూ ఆగకపోతే దాని విలువ ఈ లెక్కకు సున్నా. కృతజ్ఞతగా వారి పేరు ఎంత పెద్దగా వేసినా తప్పులేదు. సహ స్పాన్సర్ స్థానం మాత్రం అంత తేలిగ్గా ఇవ్వకూడదు, ఎందుకంటే ఆ స్థానాలు రెండే ఉన్నాయి.

పన్ను, చేతికొచ్చే నగదు

స్పాన్సర్‌షిప్ సేవ మీద జీఎస్టీ 18 శాతం. నిర్వాహకులు కంపెనీ వంటి కార్పొరేట్ సంస్థ కానప్పుడు, స్పాన్సర్ కంపెనీయో భాగస్వామ్య సంస్థో అయితే ఆ పన్నును స్పాన్సరే నేరుగా ప్రభుత్వానికి కట్టాలి. నిర్వాహకులే కార్పొరేట్ సంస్థ అయితే, 2025 జనవరి 16 నుంచి ఆ బాధ్యత వారిదే. కనుక ధరల పట్టిక కింద పన్ను అదనమా, కలిసినదా అని ఒక వాక్యం రాసుకోవాలి. లేకపోతే 2,50,000 ఇస్తానన్న కంపెనీ, తన పన్ను భారం కూడా అందులోనే చూసుకుని తక్కువ చెక్కు రాయవచ్చు.

ఆదాయపు పన్ను శాఖ దృష్టిలో స్పాన్సర్‌షిప్ ప్రకటన కాంట్రాక్టు కిందికే వస్తుందని 1995లోనే ఒక సర్క్యులర్ స్పష్టం చేసింది. కాబట్టి చెల్లింపులోంచే పన్ను కోసుకునే బాధ్యత ఉన్న సంస్థలు ఒక చెల్లింపు 30,000 దాటితే సంఘాలకు ఇచ్చేదాంట్లో 2 శాతం టీడీఎస్ పట్టుకుంటాయి. ప్రధాన స్పాన్సర్ నుంచి బేరం పోగా వచ్చే 2,25,000 మీద అది 4,500. ఇది నష్టం కాదు, రిటర్ను వేసి సర్దుబాటు చేసుకోవచ్చు. కానీ పాన్ ఇవ్వని సంఘానికి 20 శాతం కోత పడుతుంది, అప్పుడు కార్యక్రమం నాటికి చేతిలో ఉండాల్సిన 45,000 ఉండదు.

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం పారిశ్రామిక ప్రాంతంలోని మందుల కంపెనీలను ఆశ్రయించేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. తమ సరుకులకో సేవలకో ప్రచార లాభం ఆశించి స్పాన్సర్ చేసేదాన్ని కంపెనీల సామాజిక బాధ్యత, అంటే సీఎస్‌ఆర్ ఖర్చుగా చూపడానికి వీల్లేదని 2021లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. బ్యానర్లు, ఆర్చిలు వాగ్దానం చేసే ప్యాకేజీ పట్టికను సీఎస్‌ఆర్ విభాగానికి పంపితే అది వెనక్కి రావడమే సహజం. అది మార్కెటింగ్ విభాగానికి వెళ్లాల్సిన కాగితం.

ప్రధాన స్పాన్సర్ రాకపోతే

మన సవరించిన పట్టికలో నికర రాబడి 4,85,000 అయితే, అందులో ప్రధాన స్పాన్సర్ వాటా 2,03,000, అంటే ఐదింట రెండు వంతులు. ఆ ఒక్కరూ తప్పుకుంటే మిగిలేది 2,82,000, అసలు ఖర్చులో 35 శాతం. సగటు అంచనాలు ఇక్కడ పనికిరావు. సహకార స్పాన్సర్లలో ఐదుగురు రావచ్చు, నలుగురు రావచ్చు, ఆ తేడా తట్టుకోవచ్చు. ప్రధాన స్పాన్సర్ మాత్రం ఉంటారు లేదా ఉండరు.

దీనికి విరుగుడు తేదీలో ఉంది. సమాజాలకు ఆహ్వానాలు పంపక ముందు ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజుకు ప్రధాన స్పాన్సర్ నుంచి అడ్వాన్సు రాకపోతే ఏం చేయాలో ముందే నిర్ణయించుకోవాలి. ఒక్కో సమాజానికి పారితోషికం 20,000, భోజన వసతులు 12,500 కలిపి 32,500 అవుతుంది. పన్నెండింటిని తొమ్మిదికి తగ్గిస్తే 97,500 మిగిలి, అసలు ఖర్చు 7,02,500 అవుతుంది. ఆహ్వానాలు వెళ్లాక ఈ వెసులుబాటు ఉండదు.

ప్రధాన స్థానాన్నే తీసేసి, దాని బదులు మరో ఇద్దరు సహ స్పాన్సర్లను వెదకడం రెండో మార్గం. బేరం, హామీల ఖర్చు పోగా ఒక్కొక్కరి నుంచి 81,000 నికరంగా వస్తుంది. ఇద్దరూ దొరికితే స్పాన్సర్ల నికరం 4,44,000. సంఘ నిధి, విరాళాల 3,20,000 కలిపితే 7,64,000. తొమ్మిది సమాజాలకైతే అది సరిపోగా 61,500 మిగులుతుంది. ఒక్కరే దొరికితే తొమ్మిది సమాజాలతో కూడా 19,500 లోటు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మొదటి ఇద్దరు సహ స్పాన్సర్లలో ఒక నగల దుకాణం ఉండి, ఇంకో నగల దుకాణాన్ని తీసుకోబోమని వారికి మాట ఇచ్చి ఉంటే, కొత్త ఇద్దరిని వెదకే చోటు ఇరుకైపోతుంది. నగలు, బట్టలు, ఆసుపత్రులు, కళాశాలలు, రియల్ ఎస్టేట్ కాక విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఇంత మొత్తం ఇవ్వగల వర్గాలు ఎక్కువ లేవు. అందువల్ల ఆ వర్గంలో మీరొక్కరే అన్న హామీని ఉచితంగా ఇవ్వకుండా, దానికి విడిగా ధర కట్టి, కోరినవారికే అమ్మడం మంచిది.

ఇద్దరు సహ స్పాన్సర్లు దొరికాక కూడా పన్నెండు సమాజాలనూ పిలవాలని కార్యవర్గం పట్టుబడితే, లోటు 36,000. అది అనుకోని ఖర్చుల పద్దులోని 50,000లో ఇమిడిపోతుంది. కాకపోతే అప్పుడు జనరేటర్ డీజిలు, చివరి నిమిషంలో పెరిగే భోజనాలు, అదనపు గదులు అన్నిటికీ కలిపి మిగిలేది 14,000 మాత్రమే.